ముక్కు దిబ్బడకు ఆవిరి: పిల్లల ముందు మరిగే గిన్నె వద్దు

ముసురు పట్టినా, చలి ముదిరినా మన ఇళ్లలో ఎవరో ఒకరు దుప్పటి కప్పుకొని వేడినీళ్ల గిన్నె ముందు కూర్చుంటారు. ఆ నీళ్లలో కొందరు పసుపు వేస్తారు, కొందరు వావిలాకు, తులసి వేస్తారు. ఊటీ వెళ్లొచ్చినవాళ్ల ఇంట్లో అయితే నీలగిరి తైలం సీసా ఉంటుంది. హైదరాబాద్ వైపు జిందా తిలిస్మాత్ చుక్కలు వేసుకునేవాళ్లు ఎక్కువ. అవేవీ చేతికి అందకపోతే దేవుడి గూట్లోని కర్పూరం బిళ్లో, వేలితో గీరి తీసిన బామో నీళ్లలో పడుతుంది. ఘాటు ముక్కుకు తగలగానే బిగుసుకుపోయిన ముక్కు ఒక్కసారి తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ఆ హాయిని ఎరిగిన పెద్దలు, పిల్లలు ముక్కు దిబ్బడతో నిద్రపోలేక ఏడుస్తుంటే అదే వైద్యం చేయాలని చూడటం సహజం.

కోవిడ్ వచ్చాక ఈ అలవాటు మరీ పెరిగింది. 2020లో మన ఆయుష్ మంత్రిత్వ శాఖ పొడి దగ్గు, గొంతు నొప్పి ఉన్నవాళ్లు పుదీనా ఆకులతోనో వాముతోనో రోజుకోసారి ఆవిరి పట్టుకోవచ్చని సూచించింది. ఆ సూచన వాట్సాప్‌లో చేతులు మారేకొద్దీ రోజుకు మూడుసార్లయింది, పిల్లలకు కూడా అయింది, ఆవిరి వైరస్‌ను చంపేస్తుందన్నంత వరకూ వెళ్లింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు లాన్సెట్ పత్రికకు ఒక హెచ్చరిక రాశారు. ఆవిరి పట్టబోయి కాలిన పిల్లలు అంతకుముందు తమ దగ్గరకు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వచ్చేవారనీ, కోవిడ్ మొదలయ్యాక ఆ సంఖ్య దాదాపు 30 రెట్లు పెరిగిందనీ అందులో తెలిపారు. ఆ పిల్లలకు హాని చేసింది జలుబు కాదు, ముందు పెట్టిన గిన్నె.

అందుకే ఈ వైద్యాన్ని రెండుగా విడదీసి చూడాలి. ఆవిరీ, అందులో వేసే ఘాటు పదార్థాలూ ముక్కుకు నిజంగా ఏం చేస్తాయన్నది ఒకటి. ఆ కొద్దిపాటి మేలు కోసం పిల్లలను ఎంత ప్రమాదం దగ్గర కూర్చోబెడుతున్నామన్నది రెండోది.

ముక్కు మూసుకుపోయేది చీమిడితో మాత్రమే కాదు

ముక్కు దిబ్బడ అంటే లోపల చీమిడి గడ్డకట్టిందనే చాలామంది అనుకుంటారు. చీమిడి ఉంటుంది, నిజమే. కానీ దారిని ఎక్కువగా మూసేది వాపు. ముక్కు లోపల రెండు పక్కలా మెత్తటి కండ తొడిగిన ఎముక మడతలు ఉంటాయి. మనం పీల్చే గాలిని వెచ్చగా, తేమగా చేసేవి అవే. వాటి నిండా సన్నటి రక్తనాళాలు. జలుబు వైరస్ సోకగానే ఆ నాళాల్లో రక్తం నిండి మడతలు ఉబ్బుతాయి, గాలి వెళ్లే సందు ఇరుకవుతుంది. పడుకుంటే ఆ భాగానికి రక్తం మరింత చేరుతుంది కాబట్టే పగలు ఫర్వాలేదనిపించిన ముక్కు రాత్రి పూర్తిగా బిగుసుకుపోతుంది. ఎంత చీదినా ముక్కు తెరుచుకోకపోవడానికి కారణం కూడా ఇదే. వాపు చీదితే పోదు.

మరి నీలగిరి తైలం, కర్పూరం ఆ వాపును తగ్గిస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు దొరికి నలభై ఏళ్లు దాటింది. వేల్స్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎకిల్స్, ఆయన సహచరులు కర్పూరం, యూకలిప్టస్, మెంథాల్ ఆవిర్లను మనుషులతో పీల్పించి రెండు విషయాలు గమనించారు. ముక్కులోంచి గాలి ఎంత సులువుగా వెళ్తోందో పరికరంతో కొలిచారు. ఎలా అనిపిస్తోందని ఆ మనుషులనే అడిగారు. ఫలితాలు 1983లో అచ్చయ్యాయి. పీల్చినవాళ్లు ముక్కు చల్లబడిందనీ, గాలి బాగా ఆడుతోందనీ చెప్పారు. పరికరం మాత్రం గాలి దారిలో చెప్పుకోదగ్గ మార్పేమీ చూపించలేదు.

ముక్కు లోపలి పొరలో చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. గాలి ధారాళంగా వెళ్తే ఆ పొర చల్లబడుతుంది, మెదడు దాన్ని 'ఊపిరి బాగా ఆడుతోంది' అని అర్థం చేసుకుంటుంది. మెంథాల్, యూకలిప్టస్ తైలంలోని సినియోల్, కర్పూరం గాలి పెరగకపోయినా ఆ కొసలనే తట్టి లేపుతాయి. హాయి నిజమైనదే, కానీ వాపు ఉన్నచోటే ఉంది. పెద్దవాళ్లకు నిద్ర పట్టడానికి ఆ హాయి చాలవచ్చు. నెలల బిడ్డకు కావలసింది మాత్రం గాలి ఆడిందన్న అనుభూతి కాదు, నిజంగా గాలి ఆడటం.

ఇక ఆవిరి సంగతి. వెచ్చటి తేమ గాలి ఎండిన చీమిడిని కాసేపు పలుచన చేస్తుంది, పెద్దవాళ్లకు చీదడం సులువవుతుంది. అంతకుమించి జలుబును తగ్గిస్తుందా అని చండీగఢ్ పీజీఐ వైద్యులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కూర్చి కాక్రేన్ సంస్థ కోసం సమీక్షించారు. 2017లో వెలువడిన ఆ సమీక్ష, వేడి తేమ గాలి జలుబుకు నికరంగా మేలు చేస్తుందనో కీడు చేస్తుందనో చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. జలుబు దాని కాలం తీరాక దానంతటదే తగ్గుతుంది. వైరస్‌ను చంపేంత వేడి ఆవిరి ముక్కులోకి వెళ్తే వైరస్ కంటే ముందు ముక్కు కాలుతుంది.

గిన్నె ఒలికితే ఏం జరుగుతుంది

ఆవిరి పట్టేటప్పుడు పిల్లలు కాలేది ఎక్కువగా ఆవిరితో కాదు, ఒలికిన నీళ్లతో. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆరేళ్ల పాప ఉందనుకోండి. తల్లి స్టవ్ మీద లీటరున్నర నీళ్లు మరిగించి, గిన్నెను మసిగుడ్డతో పట్టుకొచ్చి చాప మీద పెడుతుంది. తైలం రెండు చుక్కలు వేస్తుంది. పాప బాసింపట్టు వేసుకొని గిన్నె మీదకు వంగుతుంది. పైన దుప్పటి కప్పుతారు. లోపల చీకటి, ఉక్క. తైలం ఘాటుకు కళ్లు మండుతాయి. పాప కళ్లు నులుముకుంటూ తల వెనక్కి లాగుతుంది. దుప్పటి కొస గిన్నె అంచుకు పట్టుకుంటుంది, లేదా మోకాలు తగులుతుంది. గిన్నె పాప వైపే ఒరుగుతుంది.

నీళ్లు పడేది ఒళ్లోనే. పొత్తికడుపు, తొడలు, జననాంగాలు కాలుతాయి. ఆవిరి గిన్నెలతో కాలిన పిల్లల గురించి విదేశాల్లో కాలిన గాయాల వైద్యులు రాసిన వ్యాసాల్లో మళ్లీ మళ్లీ కనిపించే భాగాలు ఇవే. బాసింపట్టు వేసుకున్న పాప చటుక్కున లేవలేదు. మీద దుప్పటి ఉంది. వేడినీళ్లు గౌను, లోదుస్తులు పీల్చుకొని చర్మానికి అతుక్కుంటాయి, మడతల్లో నిలుస్తాయి. తల్లి దుప్పటి తీసి, పాపను లేపి, బట్టలు విప్పేసరికి పది సెకన్లు గడిచిపోతాయి.

ఆ పది సెకన్లు ఎంత ఎక్కువో 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ చేసిన పరిశోధన చెబుతుంది. ఏ వేడి దగ్గర చర్మం ఎంతసేపట్లో కాలుతుందో వాళ్లు కొలిచారు. నీళ్లు 60 డిగ్రీలు ఉంటే పెద్దవాళ్ల చర్మం లోతుగా కాలడానికి దాదాపు 5 సెకన్లు చాలు. 70 డిగ్రీలైతే ఒక్క సెకను కూడా పట్టదు. పిల్లల చర్మం పలుచన, కాబట్టి వాళ్ల విషయంలో ఆ సమయం ఇంకా తక్కువ. స్టవ్ మీద నుంచి దించి ఐదు నిమిషాలైన లీటరున్నర నీళ్లు కూడా 80 డిగ్రీల పైనే ఉంటాయి. 'కాస్త చల్లారాకే పెట్టాం' అన్నంత మాత్రాన ప్రమాదం తప్పిపోదు. ఆవిరి బాగా వస్తోందంటేనే ఆ నీళ్లు చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉన్నాయని అర్థం. పూర్తిగా చల్లారిన గిన్నె నుంచి ఆవిరి రాదు. అంటే ఈ వైద్యం పనిచేసే వేడి, పిల్లల్ని కాల్చే వేడి ఒకటే. మధ్యలో భద్రమైన మెట్టు లేదు.

కరెంటుతో పనిచేసే ప్లాస్టిక్ ఆవిరి యంత్రం కొన్నాం కదా, ఇక భయం లేదనుకునేవాళ్లున్నారు. అందులోనూ మరిగేవి నీళ్లే. చాలావాటి మూత గట్టిగా బిగుసుకోదు. తేలికగా ఉంటుంది కాబట్టి తీగ కాలికి తగిలినా పక్కకు పడిపోతుంది. నీళ్లు గీత దాటి పోస్తే గొట్టంలోంచి మరిగే చుక్కలు ఎగిరి ముఖం మీద పడతాయి. పెద్దలు జాగ్రత్తగా వాడుకోవచ్చునేమో గానీ, పిల్లలు ముఖం ఆనించి కూర్చునే వస్తువు కాదది.

ఆవిరి పట్టేది ఇంట్లో పెద్దవాళ్లే అయినా గిన్నె పిల్లల మధ్య నుంచే నడుస్తుంది. వంటింటి నుంచి హాల్లోకి మరిగే నీళ్లు తెస్తుంటే పాకే బిడ్డ కాళ్లకు అడ్డం పడుతుంది. పని అయ్యాక నేల మీదే వదిలేసిన గిన్నెలో బిడ్డ చెయ్యి పెడుతుంది. కాలిన పిల్లల్లో ఆవిరి తమకు అవసరమే లేనివాళ్లూ ఉండేది ఇలాగే.

కాలితే మొదటి ఇరవై నిమిషాలు

పొరపాటున కాలితే గాయం ఎంత లోతుకు వెళ్తుందన్నది మొదటి ఇరవై నిమిషాల్లో మనం చేసే పనిని బట్టి ఉంటుంది. ముందు తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. మొలతాడు, గాజులు, కాళ్ల పట్టీలు కూడా తీయాలి, కాసేపటికి వాపు వచ్చాక అవి బిగుసుకుపోతాయి. చర్మానికి అతుక్కుపోయిన గుడ్డను మాత్రం లాగకూడదు. ఆ తర్వాత కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు ఆగకుండా 20 నిమిషాలు పోయాలి. ఎండాకాలంలో మేడ మీద ట్యాంకు నీళ్లు సలసలా కాగుతుంటాయి, కుళాయి కింద పెట్టే ముందు చేత్తో చూడాలి. ఆ నీళ్లు వేడిగా ఉంటే బిందెలోని నీళ్లు చెంబుతో పోస్తూ ఉండవచ్చు. నీళ్లు పోస్తున్నంతసేపూ బిడ్డ మిగతా ఒంటిని పొడి తువ్వాలుతో వెచ్చగా కప్పి ఉంచాలి. వెంటనే కుదరకపోయినా మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా నీళ్లు మేలు చేస్తాయి.

పసుపు, టూత్‌పేస్టు, ఇంకు, దోసెల పిండి, నెయ్యి, కొబ్బరి నూనె రాయకూడదు. అవి వేడిని లోపలే బంధిస్తాయి, క్రిములను చేరుస్తాయి, ఆసుపత్రిలో గాయం లోతు చూడటానికి అడ్డుపడతాయి. ఐసు పెడితే కాలిన చర్మం మరింత దెబ్బతింటుంది. బొబ్బలు చిదమకూడదు. నీళ్లు పోయడం అయ్యాక శుభ్రమైన, నూలు పోగులు అంటుకోని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం, చేతులు, జననాంగాలు కాలినా, గాయం బిడ్డ అరచేతి కంటే పెద్దదైనా, బొబ్బలెక్కినా, చర్మం తెల్లగా మారినా ఇంట్లో ఉంచుకొని చూద్దామనుకోకూడదు. 108కి ఫోన్ చేయాలి. కాలిన చోట నొప్పి తెలియడం లేదని బిడ్డ అంటే గాయం తేలికదని కాదు, నరాలు కూడా కాలేంత లోతుగా ఉందని అనుమానించాలి.

సీసా, బిళ్ల చేతికి చిక్కితే

గిన్నె ఒక ప్రమాదమైతే, అందులో వేయడానికి తెచ్చి పెట్టుకున్నవి ఇంకో ప్రమాదం. కర్పూరం బిళ్ల తెల్లగా, పిప్పరమెంటులా ఉంటుంది. పైగా గుళ్లో తీర్థంలో, ఇంట్లో లడ్డూలో పచ్చకర్పూరం రుచి పిల్లలకు తెలిసినదే. తినే పచ్చకర్పూరాన్నే ప్రసాదంలో ఆవగింజంత వేస్తారు. హారతి కర్పూరం అసలు తినేది కాదు. అమెరికా విష సమాచార కేంద్రాల మార్గదర్శకం ప్రకారం, బిడ్డ బరువులో కిలోకు 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ కర్పూరం లోపలికి వెళ్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పది కిలోల బిడ్డకు అది 300 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో మూడో వంతు కూడా కాదు. పెద్ద బిళ్ల ఒక్కటే ఒక గ్రాము తూగవచ్చు. ఒక గ్రాము కర్పూరంతో చిన్నపిల్లలు చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

కర్పూరం విషం చాలా వేగంగా ఎక్కుతుంది. మింగిన ఐదు నుంచి ఇరవై నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి గంటన్నర దాకా పట్టవచ్చు. ముందు నోరు మండటం, వాంతులు, కుదురు లేకుండా కొట్టుకోవడం కనిపించవచ్చు. ఏ హెచ్చరికా లేకుండా ఫిట్సే మొదటి లక్షణం కూడా కావచ్చు. మింగడం ద్వారానే కాదు, చర్మం నుంచీ ఊపిరి నుంచీ కూడా కర్పూరం ఒంట్లోకి చేరుతుంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో కర్పూరం వల్ల ఫిట్స్ వచ్చిన ముగ్గురు పిల్లల గురించి అక్కడి వైద్యులు 2009లో రాశారు. పసిబిడ్డ మెడలో, ఉయ్యాలకు కర్పూరం మూట కట్టడం మనకు మామూలు అలవాటు. 2021లో కోవిడ్ రెండో విడతలో కర్పూరం, లవంగాలు, వాము మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న మాట ఊరూరా తిరిగింది. అందులో నిజం లేదు. ఆ మూట బిడ్డ నోటికి అందితే జరిగే హాని మాత్రం నిజం.

నీలగిరి తైలం సంగతీ అంతే. ఒక చెంచా తైలం, అంటే 5 మిల్లీలీటర్లు, చిన్నపిల్లలను మగతలోకీ స్పృహ లేని స్థితికీ నెట్టగలదు. అంతకంటే తక్కువతో కూడా అలా జరిగింది. నూనె పలుచన కాబట్టి దగ్గులో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. యూకలిప్టస్ చెట్ల సొంత దేశం ఆస్ట్రేలియాలో 1990ల్లో ఈ తైలం తాగిన పిల్లల గురించి పరిశోధకులు ఆరా తీశారు. చాలామందికి అది దొరికింది మందుల బీరువాలో కాదు. జలుబుకని ఆవిరి యంత్రంలో పోసి బిడ్డ పక్కనే పెట్టిన చోట దొరికింది. మన దగ్గర అమ్మే తైలం సీసాల్లో చాలావాటికి పిల్లలు తీయలేని రకం మూత కూడా ఉండదు.

ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లు పెద్దవాళ్లయినా ఈ ఘాటు వాసనలకు దూరంగా ఉండాలి. యూకలిప్టస్ తైలం పీల్చిన తర్వాత ఫిట్స్ వచ్చినవాళ్ల గురించి బెంగళూరు నాడీ వైద్యులు 2017లో వైద్య పత్రికలో వివరించారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఇదే ఘాటు ఛాతీ బిగిసేలా చేస్తుంది.

బిడ్డ కర్పూరమో తైలమో మింగిందని తెలిస్తే వాంతి చేయించకూడదు. గొంతులో వేలు పెట్టడం, ఉప్పునీళ్లు తాగించడం వల్ల తైలం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ మధ్యలోనే ఫిట్స్ రావచ్చు. బాగానే ఆడుకుంటోంది కదా అని ఆగకూడదు. నోట్లో మిగిలింది తీసేసి, సీసానో బిళ్లల పొట్లాన్నో చేత పట్టుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దారిలో ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళాలగుత్తి ఉంచడం వంటివి చేయకూడదు.

పసిబిడ్డకు బామ్ పూయవచ్చా?

చాలా బామ్‌లలో కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ తైలం మూడూ ఉంటాయి. రెండేళ్ల లోపు పిల్లలకు ఇలాంటివి పూయకూడదు. పెద్ద పిల్లలకైనా ముక్కు కింద, ముక్కు లోపల రాయకూడదు. 2009లో అమెరికా వైద్యులు 18 నెలల పాప గురించి రాశారు. ముక్కు కింద ఘాటు బామ్ రాసిన తర్వాత ఆ పాపకు ఊపిరి అందక అత్యవసర విభాగానికి తీసుకొచ్చారు. ఆ ఘాటు శ్వాసనాళాల పొరను రేపి, అక్కడ చీమిడి మరింత ఊరేలా చేస్తుందని తర్వాత జంతువుల మీద చేసిన ప్రయోగంలో వాళ్లు గమనించారు. పెద్దవాళ్ల గాలి గొట్టం వెడల్పు కాబట్టి కొద్దిపాటి చీమిడి పెరిగినా తెలియదు. బిడ్డ గాలి గొట్టం సన్నగా ఉంటుంది, కాస్త వాపు, కాస్త చీమిడి చేరినా దారి సగం మూసుకుపోతుంది.

మరి బిడ్డ ముక్కు దిబ్బడకు ఏం చేయాలి? మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. అవి మందు కూడా కాదు, శుభ్రమైన ఉప్పునీళ్లు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేయాలి. ఒక నిమిషం ఆగితే ఎండిన చీమిడి నానుతుంది. అప్పుడు రబ్బరు బుడ్డి లాంటి పీల్చే పరికరంతో మెల్లగా లాగవచ్చు, లేదా మెత్తటి గుడ్డతో పైకి వచ్చినంత తుడవవచ్చు. పాలు పట్టడానికి పది పదిహేను నిమిషాల ముందు, పడుకోబెట్టే ముందు ఇలా చేస్తే బాగుంటుంది. నెలల పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు, పాలు తాగేటప్పుడు నోరు ఖాళీ ఉండదు. ముక్కు శుభ్రం చేశాక పాలు పడితే బిడ్డ తాగగలుగుతుంది. పాలు ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టాలి. కాసేపు భుజాన నిలువుగా ఎత్తుకుంటే వాపు కొంత తగ్గుతుంది.

స్నానం చేయించాక బిడ్డ ముక్కులో ఆముదమో కొబ్బరినూనో చుక్కలు వేసే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. జలుబు ఉన్నా లేకున్నా అది మానేయాలి. ముక్కులోని నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడ న్యుమోనియా రావచ్చు. పెద్దల ముక్కు దిబ్బడకు వాడే చుక్కల మందును కూడా డాక్టరు చెప్పకుండా పిల్లలకు వేయకూడదు.

జలుబు కాదు, న్యుమోనియా అని అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకు మించిగానీ, ఏడాది లోపు బిడ్డకు 50 గానీ అంతకు మించిగానీ, ఐదేళ్ల లోపు పిల్లలకు 40 గానీ అంతకు మించిగానీ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగమైన శ్వాస. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలం తిరిగినా, మగతగా పడి ఉన్నా ఆవిరికీ చుక్కలకూ సమయం వృథా చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా అంతే.

పెద్దలు పట్టుకోవాలనుకుంటే

పెద్దవాళ్లకు ఆవిరి ఇచ్చే హాయిని కాదనక్కరలేదు. కాకపోతే ఇంట్లో పిల్లలు నిద్రపోయాకో, వేరే గదిలో ఎవరైనా చూసుకుంటుండగానో పట్టుకోవాలి. నీళ్లు మరిగాక గిన్నెను మోసుకుపోవద్దు. వంటింట్లోనే, స్టవ్ ఆర్పేసి, గట్టు మీదో కదలని బల్ల మీదో అడుగు వెడల్పున్న బరువైన గిన్నె పెట్టాలి. పరుపు మీద, ఒళ్లో, నేల మీద వద్దు. దించాక ఐదు పది నిమిషాలు ఆగాలి. దుప్పటి కప్పుకోకుండా, ముఖం గిన్నెకు జానెడున్నర పైన ఉంచి, కళ్లు మూసుకొని ఐదు నిమిషాలు పడితే చాలు. తైలం వేయక తప్పదనుకుంటే ఒకటి రెండు చుక్కలకు మించవద్దు, అదీ స్టవ్ ఆర్పాకే. నీలగిరి తైలం, కర్పూరం రెండూ మంటను ఇట్టే అందుకుంటాయి. కర్పూరం బిళ్లలు, బామ్ నీళ్లలో వేయవద్దు. బామ్‌లోని మైనం కరిగి నీళ్ల పైన వేడి తెట్టులా తేలి, చిందితే చర్మానికి అతుక్కుంటుంది. పని కాగానే నీళ్లు పారబోసి, సీసా మూత బిగించి, పిల్లల చేతికి అందని ఎత్తులో తాళం వేసి పెట్టాలి.

ఇంటికి వచ్చిన అత్తయ్యో అమ్మమ్మో 'మా రోజుల్లో అందరికీ ఇలాగే పట్టాం, ఎవరికీ ఏం కాలేదు' అంటే, వాళ్ల ప్రేమను తక్కువ చేయకుండానే ఈ మాట చెప్పండి: జలుబు వారం పది రోజుల్లో ఎలాగూ తగ్గుతుంది, కాలిన మచ్చ మాత్రం బిడ్డ ఒంటి మీద జీవితాంతం ఉంటుంది. పిల్లలకు సెలైన్ చుక్కలు వేయండి. మరిగే గిన్నె ముందు మాత్రం ఏ వయసు పిల్లల్నీ కూర్చోబెట్టకండి.